చెప్పులు చేత్తో పట్టుకుని: అద్దె మీద ఒక కవిత గురించి

ప్రశ్న: హైదరాబాద్‌లో పై పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాను. నెలకు 9,500. ఐదో తారీఖు లోపు ఇవ్వాలి, మాకు జీతం ఎనిమిదికి గానీ పడదు. ఆ వారం రోజుల మీద ఒక కవిత రాశాను. ఫ్రెండ్‌కి చూపిస్తే "సగం ఏడుపు, సగం ఉపన్యాసం" అన్నాడు. కానీ నేను పడే టెన్షన్ నిజం. మెట్ల మీద చప్పుడు ఓనర్ గారికి వినపడకూడదని ఆ వారమంతా చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతాను. ఆయన మంచివారే. పొద్దున మోటార్ వేయడానికి బయటికొచ్చినప్పుడు ఎదురుపడితే డబ్బు సంగతి అడగరు, "నీళ్లొస్తున్నాయా పైకి?" అంటారు, అంతే. కవిత ఇది. తప్పు ఎక్కడ జరిగింది?

ఒకటో తారీఖు వస్తే చాలు
నా గుండె కన్నీరై కారుతుంది
అద్దె అనే రాక్షసి
నన్ను నిలువునా మింగేస్తోంది
ఓ ధనికులారా మేల్కొనండి
ఆకలి మంటలు మీకు కనిపించవా?

జవాబు:

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను, కవితను నాలుగుసార్లు చదివాను. కవిత మీరు కవిత అనుకున్న చోట లేదు, దాని పైన రాసిన నాలుగు వాక్యాల్లో ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగడం, డబ్బు అడగాల్సిన మనిషి నీళ్ల గురించి అడగడం, ఈ రెండూ మీ దగ్గర ఉండగా రాక్షసి అవసరం ఎందుకు వచ్చింది? చాలామందికి ఇలాగే జరుగుతుంది. మామూలుగా చెప్పేటప్పుడు జరిగింది చెబుతాం. కవిత అనగానే జరిగింది సరిపోదేమో అనిపించి, వినికిడిలో ఉన్న పెద్ద మాటలు తెచ్చి పెడతాం.

మీ ఆరు లైన్ల మీద ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. "అద్దె" అన్న మాట తీసేసి "అప్పు" పెట్టండి, "చదువు" పెట్టండి, "ప్రేమ" పెట్టండి. ప్రేమ అనే రాక్షసి నన్ను నిలువునా మింగేస్తోంది. లైను చెక్కుచెదరకుండా నిలబడింది. అంటే ఆ లైనులో అద్దె ఎప్పుడూ లేదు. ఇప్పుడు "చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతాను" అన్న దానికి అదే పరీక్ష పెట్టండి. అది కింద ఓనర్, పైన అద్దెకున్నవాళ్లు ఉండే ఇంటికి తప్ప ఇంకెక్కడికీ సరిగ్గా అతకదు.

విజయవాడలో రెండు గదుల పోర్షన్‌లో ఉన్న రోజుల్లో నేనూ ఇలాంటి కవితే రాసి ఒక పత్రికకు పంపాను. ముప్పై లైన్లు ఉండేది. అది తిరిగొచ్చింది, అంచున పెన్సిల్‌తో రెండే మాటలు: "అద్దె ఎంత?" మొదట కోపం వచ్చింది. తర్వాత చూసుకుంటే ముప్పై లైన్లలో అద్దె ఎంతో లేదు, ఇల్లు ఎక్కడో లేదు, ఎవరికి ఇవ్వాలో లేదు. నా బాధ ఒక్కటే ఉంది. చదివేవాడికి నా బాధతో పని లేదు. వాడికి కావాల్సింది ఆ గది, ఆ తారీఖు, ఆ మనిషి. అవి ఇస్తే బాధ వాడే తెచ్చుకుంటాడు.

ముందు ఏడుపు సంగతి చూద్దాం. మీ మొదటి నాలుగు లైన్లలో క్రియలు గమనించండి. కారుతుంది, మింగేస్తోంది. రెండిట్లోనూ మీరు ఏమీ చేయడం లేదు, మీకు ఏదో జరుగుతోంది. కవితలో జాలి పుట్టేది ఎక్కువగా ఇక్కడే. "నేను" అన్నవాడు ఊరికే కూర్చుని ఉంటాడు, ఎవరో వచ్చి వాణ్ణి కొడుతుంటారు. చెప్పులు చేత్తో పట్టుకున్నవాడు అలా లేడు. వాడు ఒక ఉపాయం చేస్తున్నాడు, చప్పుడు కాకుండా చూసుకుంటున్నాడు, టైము లెక్క వేసుకుంటున్నాడు. భయం ఉంది, సిగ్గు ఉంది, ఓనర్ మీద మర్యాద కూడా ఉంది. కానీ అవన్నీ చేతిలో ఉన్న ఆ చెప్పుల జతలో ఉన్నాయి, మాటల్లో లేవు. కాబట్టి మొదటి పని: "నేను"కి చేయడానికి ఒక పని ఇవ్వండి. "నా" అన్న మాటను వీలైనన్ని చోట్ల కొట్టేయండి. తెలుగులో క్రియే మనిషిని చెబుతుంది. "దిగాను" అంటే చాలు, "నేను" లేకపోయినా ఎవరు దిగారో తెలుస్తుంది. ఇది మనకు దొరికిన పెద్ద సదుపాయం.

కొందరు జాలి పోవడానికి "నేను" తీసేసి "అతను" అని రాస్తారు. అది పనిచేయదు. కన్నీరు కన్నీరుగానే ఉంటుంది, ముక్కు మాత్రం వేరేవాడిది అవుతుంది.

"అనే" దగ్గర కూడా జాగ్రత్తగా ఉండండి. అద్దె అనే రాక్షసి, పేదరికం అనే చీకటి, బతుకు అనే బండి. ఈ "అనే" వచ్చినచోటల్లా కళ్లముందున్న వస్తువు మాయమై, ఇంకెవరో ఎప్పుడో తయారుచేసిన బొమ్మ వచ్చి కూర్చుంటుంది. ఆకలి మంటలు కూడా అంతే. మీ ప్రశ్నలో ఆకలి ఎక్కడా లేదు. మీకు అన్నానికి లోటు లేదు, అద్దెకే వారం రోజుల లోటు. ఆ తేడా చిన్నది కాదు. ఆకలి అనగానే మీ కవిత మీ ఇల్లు వదిలి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఉపన్యాసం. తెలుగులో ఉపన్యాసం గుర్తుపట్టడం తేలిక, దాని వ్యాకరణమే వేరు. "ఓ" అని పిలవడం, "మేల్కొనండి" అని ఆజ్ఞ ఇవ్వడం, "కనిపించవా?" అని జవాబు అక్కర్లేని ప్రశ్న వేయడం. మీ చివరి రెండు లైన్లలో మూడూ ఉన్నాయి. వాటిని కొట్టేయమని చెప్పడం తేలికే, కానీ వాటి వెనక నిజమైన కోపం ఉంది కదా, అది ఎక్కడికి పోవాలి? నన్నడిగితే ఆ చోట ఓనర్‌ను పెట్టండి. ధనికులారా అని గుంపును పిలిచినప్పుడు ఎవరూ పలకరు. ఒక మనిషి ఎదురుగా నిలబడితే కవిత మాట్లాడుతుంది.

ఆ మనిషిని ఎలా పెట్టాలన్నది మీ ప్రశ్నలోనే ఉంది. మీరు ప్రశ్నలో "ఓనర్ గారు", "అడగరు", "అంటారు" అని రాశారు. కవితకు వచ్చేసరికి ఆయన రాక్షసి అయ్యాడు, ధనికుడయ్యాడు. క్రియకు చివర ఉన్న ఆ "రు" తీసేసి "డు" పెడితే తెలుగులో మొత్తం సంబంధమే మారిపోతుంది. "వస్తాడు" అంటే చదివేవాడు అప్పుడే తీర్పు వినేశాడు. "వస్తారు" అంటే ఇంకా ఏమీ తేలలేదు, ఇద్దరి మధ్యా ఒక మర్యాద ఉంది, దాని కింద డబ్బు ఉంది. మీ కవితకు ఆ ఒక్క అక్షరం చాలా ముఖ్యం. అలాగని ఆయన్ను దేవుణ్ణి చేయకండి. ఆయనకూ కష్టాలున్నాయి, ఆయనా మనిషే అని ఒక చరణం రాస్తే అదీ ఉపన్యాసమే, వైపు మారింది అంతే. ఆయన చేసే పని ఒక్కటి చూపించండి. మోటార్ వేస్తారు. నీళ్ల గురించి అడుగుతారు. ఆ ప్రశ్నలో ఆయన కూడా తప్పుకుంటున్నారని మీరు చెప్పక్కర్లేదు. అడగడానికి ఆయనకూ మొహమాటమే. మీరు చెప్పులు చేత్తో పట్టుకున్నట్టే, ఆయన డబ్బు మాటను నీళ్ల మాటలో దాచి పట్టుకున్నారు. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడకుండా ఒకే ఇంట్లో ఉంటున్నారు. మీరు రాయాల్సిన కవిత ఇదే అని నాకు అనిపిస్తోంది.

అంకెల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు మీద కవితలు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి. శ్రీనాథుడిదని చెప్పుకునే ఒక చాటువు మీకు తెలిసే ఉంటుంది. పదిహేనో శతాబ్దపు మనిషి, రాజుల దగ్గర కనకాభిషేకం అందుకున్నవాడు, చివరి రోజుల్లో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె భూమి గుత్తకు తీసుకుని, ఆ డబ్బు కట్టలేక శిక్ష పడ్డాడని కథ. అంటే మన భాషలో అద్దె బాకీ మీద పద్యం కొత్త సంగతేమీ కాదు. ఆ సీసంలో నాలుగు పెద్ద పాదాల్లోనూ ఒక పక్క కవి బిరుదు, ఇంకో పక్క ఒంటి మీద పడిన శిక్ష. మెడలో పొగడదండ, భుజం మీద నల్లగుండు, కాళ్లకు సంకెళ్లు, ముంజేతికి వెదురుగొడియ. ఏడ్చాను అన్న మాట ఎక్కడా లేదు. ఆ తర్వాత లెక్క చెబుతాడు:

కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము
బిలబిలాక్షులు తినిపోయె దిలలు పెసలు

పంటను ఏరు తీసుకుపోయింది, నువ్వులూ పెసలూ పిట్టలు తినిపోయాయి. ఇక్కడ కూడా క్రియలు కవివి కావు, ఏటివీ పిట్టలవీ. కానీ వాటికి పేర్లున్నాయి, అవి నిజంగా ఆ పొలానికి వచ్చినవి. విధి అనే రాక్షసి రాలేదు. చివరి మాట ఏమిటో చూడండి: "ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూఱులు." ఏడు వందల టంకాలు ఎలా కట్టాలి? పద్యం అంకె మీద ఆగిపోయింది. ఆ పద్యంలో ఉన్న మొత్తం ఇదొక్కటే. పంట ఎంత వేశాడో, విత్తనాలకు ఎంతయిందో చెప్పలేదు. మీరు కూడా అదే చేయండి. జీతం ఎంత, కరెంటు బిల్లు ఎంత, చీటీకి ఎంత, మెయింటెనెన్స్ ఎంత అని అన్నీ రాస్తే అది డైరీ లెక్క అవుతుంది, చదివేవాడు కూడికలు చేస్తాడు. ఒక్క అంకె ఉంచండి.

ఆ అంకెను నోటితో ఎలా అంటామో అలా రాయండి. "తొమ్మిది వేల ఐదు వందలు" అంటే రసీదు. "తొమ్మిదిన్నర వేలు" అంటే మనిషి గొంతు.

ఇక లైన్లు ఎక్కడ విరవాలన్నది. వచన కవితలో మనకున్న చిక్కు ఏమిటంటే తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. ప్రతి లైనూ ఒక వాక్యం చేస్తే ప్రతి లైనూ "తుంది, తోంది, ను" అని ఆగుతుంది. మూడు లైన్లు దాటాక అది మూలుగులా వినిపిస్తుంది. మీ కవిత ఏడుపులా వినిపించడానికి కొంత కారణం ఈ శబ్దమే, అర్థం కాదు. ఒక వాక్యాన్ని మూడు లైన్ల మీద పరవండి. కొన్ని చోట్ల క్రియ లేకుండా వదిలేయండి. "పదకొండో మెట్టు దగ్గర వాళ్ల కిటికీ." అక్కడ "ఉంది" అక్కర్లేదు.

కాలం కూడా చూసుకోవాలి. "దిగుతాను" అన్న రూపం తెలుగులో అలవాటునూ చెబుతుంది, రేపు చేయబోయేదాన్నీ చెబుతుంది. అద్దె ప్రతి నెలా వచ్చేది కాబట్టి ఆ రూపం మీకు ఎంతో పనికొస్తుంది. "ఒకటో తారీఖు నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతాను" అంటే పోయిన నెల దిగానని, వచ్చే నెల కూడా దిగుతానని ఒకేసారి తెలుస్తుంది. "ప్రతినెలా ఇదే బతుకు" అన్న లైను ఇక అక్కర్లేదు. ఎదురుపడిన ఆ ఒక్క రోజుకు మాత్రం భూతకాలం వాడండి, అప్పుడది విడిగా నిలబడుతుంది.

ఇవన్నీ పెట్టుకుని మీరిచ్చిన సరుకుతో నేనొక చిత్తుప్రతి రాశాను. మెట్ల లెక్క, కిటికీ, టైములు, ఎదురుపడిన తారీఖు, చివరి మెసేజ్ నేను ఊహించి వేసినవి.

ఒకటో తారీఖు నుంచి
చెప్పులు చేత్తో పట్టుకుని
మెట్లు దిగుతాను.

ఇరవై రెండు మెట్లు.
పదకొండో మెట్టు దగ్గర
వాళ్ల కిటికీ.

ఆరున్నరకు
మోటార్ వేయడానికి ఆయన
బయటికి వస్తారు.
ఆరుంబావుకల్లా
గేటు దాటేస్తాను.

నాలుగో తారీఖున
గేటు దగ్గరే ఎదురుపడ్డాం.

"నీళ్లొస్తున్నాయా పైకి?" అన్నారు
నా చేతికేసి చూడకుండా.
"వస్తున్నాయండీ."

ఎనిమిదిన
తొమ్మిదిన్నర వేలు పంపాను.
"అందింది" అని మెసేజ్.

తొమ్మిదిన
చెప్పులేసుకునే దిగాను.
పదకొండో మెట్టు దగ్గర
కాళ్లు వాటంతటవే
నెమ్మదించాయి.

ఇది ఒక్కసారిగా ఇలా రాలేదు. మొదటి ప్రతిలో మొదటి చరణం తర్వాత "నా ఇంట్లో నేనే దొంగనై" అని ఒక లైను రాశాను. రాసినప్పుడు చాలా బాగుందనిపించింది. అరగంట తర్వాత చదివితే చెప్పుల పక్కన అది అదనంగా కనబడింది. చెప్పులు చేత్తో పట్టుకుని దిగేవాడు ఎవరిలా ఉంటాడో చదివేవాడికి ముందే తట్టింది. వాడికి తట్టిన దాన్ని మళ్లీ నేను చెబితే వాణ్ణి తక్కువ చేసినట్టు, నన్ను నేను ఓదార్చుకున్నట్టు. కవితలో మీకు బాగా నచ్చిన లైనును ఇలా అనుమానించడం అలవాటు చేసుకోండి. ముఖ్యంగా దాన్ని ఎవరైనా స్టేటస్‌లో పెట్టుకోగలరు అనిపిస్తే.

ఎదురుపడిన చోట "సిగ్గుతో తలవంచుకున్నాను" అని కూడా ఉండేది. అది తీసి, చూపును ఆయనకు ఇచ్చాను: "నా చేతికేసి చూడకుండా." చూడలేదు అంటేనే చూశారని. ఇప్పుడు సిగ్గు ఇద్దరి మధ్యా పడింది, ఒకరిదే కాలేదు. "వస్తున్నాయండీ" తర్వాత ఏమీ రాయకుండా ఆపాను. అక్కడ మనసులో ఏమనుకున్నారో రాయాలని మీకు బలంగా అనిపిస్తుంది. ఆగండి. ఆ "అండీ"లో అంతా ఉంది.

ముగింపుకు చాలా తంటాలు పడ్డాను. మొదట డబ్బు పంపడంతో ఆపాను. అప్పుడు సమస్య తీరిపోయి కథ సుఖాంతమైనట్టు వచ్చింది, అది అబద్ధం. తర్వాత "మళ్లీ ఒకటో తారీఖు వస్తుంది" అని రాశాను, అది నిట్టూర్పు అయింది. మళ్లీ ఏడుపే. చివరికి తొమ్మిదో తారీఖు పొద్దున నేను ఆ మెట్లు దిగుతున్నట్టు ఊహించుకున్నాను. బాకీ లేదు, చెప్పులు కాళ్లకే ఉన్నాయి, అయినా కిటికీ దగ్గర నడక తగ్గింది. మనసు చెప్పకపోయినా కాళ్లు చేశాయి. భయాన్ని గురించి నేను చెప్పగలిగిన దానికంటే అది నిజం అనిపించి అక్కడ వదిలేశాను.

కోపం అసలు ఉండకూడదా అని మీరు అడగొచ్చు. ఉండొచ్చు. మీ విషయంలో ఓనర్ మంచివారు కాబట్టి ఈ కవితలో కోపం తక్కువ. వేరే ఇళ్లు ఉన్నాయి. టు-లెట్ బోర్డు చూసి వెళ్తే గది చూపించకముందే "మీరేమిట్లు?" అని అడిగే ఇళ్లు మనందరికీ తెలుసు. పది నెలలకే వెయ్యి పెంచి, అడ్వాన్స్‌లో సున్నం వేయించడానికీ మేకులకూ కోసుకునే ఇళ్లూ ఉన్నాయి. వాటి మీద రాయాల్సి వస్తే సమాజమా సిగ్గుపడు అని రాయకండి. "మీరేమిట్లు?" అన్న మాటను వాళ్ల నోటి నుంచి వచ్చినట్టే కొటేషన్‌లో పెట్టి, జవాబు చెప్పడానికి ముందు మీరు ఎటు చూశారో రాయండి. బోర్డు ఏ అట్ట మీద రాసి ఉందో, తాళంచెవి ఎవరి చేతిలో ఉండిపోయిందో రాయండి. అలా రాస్తే కోపం చదివేవాడి దగ్గర మొదలవుతుంది, మీరు అరవాల్సిన పని ఉండదు.

నేను రాసినదాన్ని మీ కవితగా వాడకండి, అందులో నా వేలిముద్రలు చాలా ఉన్నాయి. మీరు రేపు పొద్దున దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టండి. కిటికీ ఉందా, ఉంటే అది ఎన్నో మెట్టు దగ్గరకు వస్తుంది, మోటార్ శబ్దం పైకి ఎలా వినిపిస్తుంది, మీవి రబ్బరు చెప్పులా తోలు చెప్పులా, ఇవన్నీ ఒక కాగితం మీద మామూలు వాక్యాల్లో రాసుకోండి, కవిత అని అనుకోకుండా. ఆ కాగితంలోంచి లైన్లు తీయండి. తీసిన తర్వాత బయటికి చదవండి. చదువుతుంటే గొంతు దానంతటదే పెరిగిన చోట ఉపన్యాసం ఉంది, గొంతు సన్నబడి సాగిన చోట ఏడుపు ఉంది. ఆ రెండు చోట్లా గీత పెట్టి, ఆ గీత కింద నిజంగా జరిగింది ఏమిటో రాయండి.

ఇంకొకటి. డబ్బు పంపాక మీ ఓనర్ గారు ఏమని మెసేజ్ పెడతారో ఫోన్ తీసి చూడండి. "అందింది" అన్నది నా ఊహ. ఒకవేళ ఆయన బొటనవేలి బొమ్మ ఒక్కటే పెడితే అదే రాయండి. ఏమీ పెట్టకుండా మర్నాడు పొద్దున మళ్లీ నీళ్ల గురించే అడిగితే, చివరి చరణం నాది తీసేసి అది పెట్టండి.